నమాజు విరామం, జుమా సమయం కోరుతూ మేనేజరుకు లేఖ ఎలా రాయాలి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ముస్లిం యువకుడు ఇలాంటి లేఖ రాయడానికి కూర్చున్నప్పుడు, సాధారణంగా మొదటి వాక్యంలోనే "నాకు రోజూ నమాజుకు, ప్రతి శుక్రవారం సెలవుకు అనుమతి ఇవ్వగలరు" అని రాస్తాడు. ఆ వాక్యం చదివిన మేనేజరుకు రోజుకు ఐదుసార్లు సీటు ఖాళీ, వారానికి ఒక రోజు మనిషి లేడు అనే అర్థమవుతుంది. నిజానికి ఆ యువకుడికి కావలసింది అందులో చాలా కొద్ది భాగమే. అందుకే లేఖ రాయడం కంటే ముందు కాగితం మీద లెక్క వేసుకోవడమే ఇందులో ముఖ్యమైన పని.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థ ఉందనుకుందాం. మీరు అక్కడ బిల్లింగ్ విభాగంలో చేరి ఆరు నెలలయింది. పని వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 7:30 వరకు, వారానికి ఆరు రోజులు, ఆదివారం సెలవు. భోజన విరామం మధ్యాహ్నం 1:30 నుంచి 2:15 వరకు, సాయంత్రం టీకి పదిహేను నిమిషాలు. ఊళ్లోని మెడికల్ షాపులకు సరుకు తీసుకెళ్లే వ్యాన్లు మధ్యాహ్నం 12:30కి ఒకసారి, సాయంత్రం 4:30కి ఒకసారి బయలుదేరతాయి. ఆ రెండు వేళలకు ముందు అరగంటలో బిల్లింగ్ కౌంటరులో తల ఎత్తే తీరిక ఉండదు.

మొదటి పని: ఆఫీసు వేళల్లో ఏ నమాజులు పడతాయో చూసుకోండి

ఐదు నమాజుల్లో ఫజర్ తెల్లవారుజామున, ఇషా రాత్రి ఇంటికి వెళ్లాక పూర్తవుతాయి కాబట్టి లేఖలో వాటి ప్రస్తావనే అవసరం లేదు. మిగిలినవి జొహర్, అసర్, మగ్రిబ్. వీటి వేళలు సూర్యుడి గమనాన్ని బట్టి ఏడాది పొడవునా జరుగుతుంటాయి. అందువల్ల ఈ నెల పట్టిక ఒక్కటే చూసి లేఖ రాస్తే, మూడు నెలల తర్వాత మీరు అడిగిన వేళకూ నమాజు వేళకూ పొంతన ఉండదు. దగ్గరలోని మసీదులో ఏడాది పట్టిక దొరుకుతుంది. అందులో డిసెంబరు, జూన్ నెలలను పక్కపక్కన పెట్టి చూడండి.

విజయవాడలో జొహర్ వేళ మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో మొదలై అసర్ దాకా ఉంటుంది. అంటే 1:30కి వచ్చే మీ భోజన విరామం ఏ కాలంలోనైనా ఆ వ్యవధిలోనే పడుతుంది. వజూతో కలిపి పదిహేను నిమిషాలు పోయినా, భోజనానికి అరగంట మిగులుతుంది. జొహర్ కోసం మీరు ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు.

అసర్ విషయంలో మీరు ఏ సంప్రదాయం పాటిస్తారన్నది చూసుకోవాలి. మన ప్రాంతంలో ఎక్కువ మంది పాటించే హనఫీ లెక్కలో అసర్ చలికాలంలో సాయంత్రం 4 గంటల ప్రాంతంలోనూ, జూన్, జూలైల్లో 4:45 దాటాకా మొదలవుతుంది. షాఫియీ లెక్కలో ఇంకా ముందే వస్తుంది. ముగింపు మాత్రం ఇద్దరికీ సూర్యాస్తమయమే. విజయవాడలో సూర్యుడు అందరికంటే తొందరగా, అంటే సుమారు 5:30కి, అస్తమించేది నవంబరులో. కాబట్టి 4:55కి పది నిమిషాలు దొరికితే హనఫీ లెక్క ప్రకారం కూడా ఏడాదంతా అసర్ అందుతుంది. అప్పటికి సాయంత్రం వ్యాను వెళ్లిపోయి ఉంటుంది, మీకు రావలసిన టీ విరామం కూడా చేతిలోనే ఉంటుంది. టీ వేళను 4:55కి మార్చుకోవడం తప్ప ఇక్కడ కూడా మీరు అదనంగా అడిగేది లేదు.

అసలు ఇబ్బంది మగ్రిబ్‌తోనే. ఇది సూర్యాస్తమయంతో మొదలై గంటా పది నిమిషాల్లో, ఆకాశంలో ఎరుపు పోయేసరికి ముగుస్తుంది. పైగా ఆలస్యం చేయకుండా చదవడమే పద్ధతి. చలికాలంలో 5:30కి, ఎండాకాలం చివర 6:45కి వచ్చే ఈ నమాజును ఒకే గడియారపు వేళకు కట్టివేయలేం. అందుకని లేఖలో ఫలానా గంటకు అని కాకుండా, అజాన్ తర్వాత అరగంటలోపు, చేతిలో ఉన్న బిల్లు పూర్తి చేసి, పది నిమిషాలు అని అడగాలి. మూడు రకాతుల ఫర్జు, రెండు రకాతుల సున్నతు, వజూ కలిసి ఆ పది నిమిషాల్లో పూర్తవుతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. ఐదు నమాజులని మొదలుపెట్టిన అభ్యర్థన, రోజుకు పది నిమిషాల దగ్గరికి వచ్చింది.

రెండో పని: శుక్రవారాన్ని విడిగా లెక్కించండి

జుమా సంగతి వేరు. ఇది జొహర్‌కు బదులుగా వచ్చే నమాజు, జమాతుతోనే చదవాలి, దీనికి ముందు ఇమాము ఖుత్బా ఇస్తారు. గోడౌన్ మూలలో జానమాజు పరచుకుని ఒంటరిగా చదివితే అది జుమా కాదు. "మిగతా రోజుల్లో ఇక్కడే చదువుతున్నావుగా, శుక్రవారం మాత్రం బయటికెందుకు?" అని మేనేజరు అడిగితే, ఆ ప్రశ్నలో వ్యంగ్యం వెతకకండి. ఈ తేడా తెలియని వాళ్లకు సహజంగా వచ్చే ప్రశ్న అది. లేఖలో ఒక్క వాక్యంలో ముందే చెప్పేస్తే ఆ ప్రశ్నే రాదు.

అయితే జుమాకు రోజంతా సెలవు అక్కరలేదు. శుక్రవారం పని మానుకుని ఉండవలసిన విశ్రాంతి దినం కాదు. ఖురాన్ 62వ సూరా కూడా పిలుపు వినగానే వ్యాపారం వదిలి రమ్మంటుంది. నమాజు పూర్తయ్యాక మళ్లీ వెళ్లి జీవనోపాధి వెతుక్కోమంటుంది. కాబట్టి శుక్రవారం సెలవు అనే మాటే రాయకండి. ఆ మాట రాసినందుకే తిరస్కరించబడిన దరఖాస్తులు తక్కువేమీ కాదు. శుక్రవారం మధ్యాహ్న విరామాన్ని ముందుకు జరిపి కొంత పొడిగించడం అని రాయండి.

ఎంత పొడిగించాలో తెలియాలంటే మూడు సంగతులు స్వయంగా చూసుకోవాలి: ఆఫీసు నుంచి మసీదుకు నడక ఎంత, అక్కడ ఖుత్బా ఎన్నింటికి మొదలవుతుంది, ఫర్జు జమాతు ఎన్నింటికి నిలబడుతుంది. ఒకే పేటలో కూడా మసీదుకూ మసీదుకూ జుమా వేళల్లో అరగంట తేడా ఉండడం మామూలే. ఆ తేడా మీకు అనుకూలించవచ్చు. మన ఉదాహరణలో ఆఫీసుకు పన్నెండు నిమిషాల దూరంలో ఉన్న మసీదులో ఖుత్బా 1:15కి, జమాతు 1:30కి అనుకుందాం. 12:50కి బయలుదేరితే వజూ చేసి ఖుత్బాకు ముందే కూర్చోవచ్చు. నమాజు, సున్నతులు ముగించి, తిరిగి వచ్చి, రెండు ముద్దలు తిని 2:15కి కౌంటరులో ఉండవచ్చు. మధ్యాహ్నం వ్యాను 12:30కే వెళ్లిపోయింది కాబట్టి పని రద్దీ కూడా అడ్డు రాదు. ఒకవేళ మీ సంస్థలో వ్యాను 1 గంటకు బయలుదేరేదైతే, జమాతు 2 గంటలకు ఉన్న మసీదు దగ్గరలో ఉందేమో చూసుకోవాలే తప్ప, వ్యాను వేళ మార్చమని అడగకూడదు.

12:50 నుంచి 2:15 వరకు అంటే ఎనభై ఐదు నిమిషాలు. అందులో నలభై ఐదు మీ భోజన విరామమే. అదనం నలభై నిమిషాలు.

మూడో పని: తిరిగి ఇచ్చే సమయాన్ని మీరే ప్రతిపాదించండి

రోజుకు పది నిమిషాలు, శుక్రవారం మరో నలభై. వారానికి మొత్తం గంటా నలభై నిమిషాలు. ఈ సమయాన్ని ఎలా పూరిస్తారో మీరు చెప్పకపోతే మేనేజరు తనకు తోచింది చెబుతారు, అది మీకు కుదరకపోవచ్చు. సాయంత్రం పది నిమిషాలు ఎక్కువ ఉంటాననడం కంటే ఉదయం ముందుగా వస్తాననడం మంచిదని నా అభిప్రాయం. సాయంత్రం ఆలస్యంగా వెళ్లడం ఇలాంటి సంస్థల్లో ఎలాగూ అందరూ చేసేదే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఉదయం 9:50కి, శుక్రవారం 9:10కి హాజరు యంత్రంలో వేలిముద్ర పడితే, ఆ లెక్కను కాదనేవారు ఉండరు. రాత్రి వచ్చిన వాట్సాప్ ఆర్డర్లకు బిల్లులు ముందే సిద్ధమవుతాయి కూడా.

కానీ ఒక జాగ్రత్త. షట్టరు తెరిచేదే 9:45కి అయితే శుక్రవారం 9:10కి వస్తాననడం అర్థం లేని మాట. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, వాళ్లు ఎప్పుడొస్తారో తెలుసుకున్నాకే ఆ వాక్యం రాయండి.

నాలుగో పని: చోటు, వజూ గురించి ముందే చూసిపెట్టుకోండి

అనుమతి వచ్చాక గొడవలు మొదలయ్యేది ఎక్కువగా సమయం దగ్గర కాదు, వాష్‌బేసిన్ దగ్గర. వజూలో కాళ్లు కడుక్కోవాలి. అందరూ చేతులు కడుక్కునే బేసిన్‌లో కాలు పెడితే, నేలంతా తడిస్తే, రెండు రోజుల్లో ఫిర్యాదు వెళ్తుంది. గోడౌన్ వెనక కుళాయి ఉందేమో చూడండి. లేకపోతే ఒక చెంబు కొనిపెట్టుకుని బాత్‌రూమ్‌లో కడుక్కుని, నేల తుడిచి రండి.

చోటు విషయంలో కూడా అంతే. ప్రత్యేక గది అడగకండి. ఒక మనిషి నిలబడి సజ్దా చేయడానికి జానమాజు పరిచేంత, అంటే సుమారు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న శుభ్రమైన చోటు చాలు. ఆ చోటు దారికి అడ్డంగా, సీసాల పెట్టెలు మోసుకొచ్చేవాళ్లు తిరిగేచోట ఉండకూడదు. ఖిబ్లా దిక్కు మన వైపు పడమర, కాస్త ఉత్తరానికి. ఇవన్నీ చూసి ఫలానా చోట అని మీరే రాస్తే మేనేజరుకు ఆలోచించే శ్రమ తప్పుతుంది.

ఐదో పని: లేఖ రాయండి

పేజీకి మించకూడదు. మత విషయం వివరించడానికి ఒక వాక్యం, మిగతాదంతా వేళలు, ఏర్పాట్లు. రాజ్యాంగం, హక్కులు అనే మాటలు ఈ మొదటి లేఖలో వద్దు. 25వ అధికరణం ఇచ్చే మత స్వేచ్ఛ ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. ప్రైవేటు సంస్థ యజమాని మీద దాన్ని నేరుగా ప్రయోగించడం కష్టం, చదివినవారికి మాత్రం అది బెదిరింపులా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువారి పరిస్థితి వేరు. అక్కడ 1964 నాటి పౌర హక్కుల చట్టం కింద పదిహేను మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు యజమాని కూడా, వ్యాపారానికి పెద్ద భారం కానంతవరకు, ఇలాంటి వెసులుబాటు కల్పించాలి. విజయవాడ లేఖలో ఆ ధోరణి పనికిరాదు.

మన ఉదాహరణకు లేఖ ఇలా ఉంటుంది:

విజయవాడ,
తేదీ: …

గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: టీ విరామ వేళ మార్పు, సాయంత్రం పది నిమిషాల విరామం, శుక్రవారం మధ్యాహ్న విరామ పొడిగింపు కోరుతూ.

ఆర్యా,

నేను గత ఆరు నెలలుగా మన సంస్థ బిల్లింగ్ విభాగంలో పని చేస్తున్నాను. నిర్ణీత వేళల్లో నమాజు చేయడం మా మతాచారంలో తప్పనిసరి కాబట్టి, పనికి ఆటంకం కలగని విధంగా ఈ క్రింది ఏర్పాటుకు అనుమతి కోరుతున్నాను.

మధ్యాహ్నం నమాజును నా భోజన విరామంలోనే పూర్తి చేసుకుంటాను. సాయంత్రం నమాజు కోసం, నాకున్న టీ విరామాన్ని 4:30 వ్యాను బయలుదేరిన తర్వాత, 4:55కి తీసుకోవడానికి అనుమతించగలరు. సూర్యాస్తమయ సమయంలో చేసే నమాజుకు మాత్రం, అజాన్ తర్వాత అరగంటలోపు, చేతిలో ఉన్న బిల్లు పూర్తి చేసిన మీదట, పది నిమిషాల విరామం అదనంగా అవసరమవుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజును మసీదులో సామూహికంగా మాత్రమే చేయవలసి ఉంటుంది. అందువల్ల ఆ ఒక్క రోజు నా భోజన విరామాన్ని 1:30కి బదులు 12:50కి మొదలుపెట్టి 2:15 వరకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను. నేను 12:30 వ్యాను బిల్లులు పూర్తిగా అప్పగించిన తర్వాతనే బయలుదేరతాను.

ఈ అదనపు సమయానికి బదులుగా ప్రతి రోజూ 9:50కి, శుక్రవారం 9:10కి విధులకు హాజరవుతాను. శుక్రవారం నేను లేని సమయంలో అత్యవసర బిల్లులు చూసేందుకు నా సహోద్యోగి అంగీకరించారు; వారి భోజన సమయంలో కౌంటరు నేను చూసుకుంటాను. రోజువారీ నమాజుకు రెండో గోడౌన్‌లో కిటికీ పక్కనున్న ఖాళీ స్థలం నాకు సరిపోతుంది.

నెలాఖరు స్టాక్ క్లోజింగ్ రోజుల్లో తమ సూచన మేరకు సాయంత్రం విరామాన్ని ఆ అరగంటలో ఎప్పుడైనా సర్దుకోగలను. ఈ ఏర్పాటును ముందుగా ఒక నెల పాటు పరిశీలించి, ఆపై తమ నిర్ణయం తెలియజేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
(పేరు, ఉద్యోగి సంఖ్య)

ఈ లేఖలో సహోద్యోగి గురించిన వాక్యం ఒక్కటే మిగతా పేజీ అంత బరువైనది. అది రాసే ముందు ఆయనను నిజంగా అడిగి ఉండాలి. ఆయనకు తెలియకుండా ఆయన ఒప్పుకున్నారని రాస్తే, మేనేజరు పిలిచి అడిగిన క్షణంలో లేఖ మొత్తం నమ్మకం కోల్పోతుంది. అలాగే నెలాఖరు వాక్యంలో ఎక్కడిదాకా సర్దుకుంటారో హద్దు చెప్పారు గమనించండి. "అవసరమైతే మానుకుంటాను" అని మర్యాదకు రాసేస్తే, ప్రతి రోజూ అవసరమే అవుతుంది.

లేఖ రాసేది యువతి అయితే శుక్రవారం పేరా తీసేయవచ్చు, ఎందుకంటే స్త్రీలకు జుమా తప్పనిసరి కాదు; ఆ రోజు కూడా జొహర్ చదువుకుంటే సరిపోతుంది. దానికి బదులు తలుపు వేసుకోగలిగిన చోటు, కనీసం తెర ఉన్న మూల అడగాలి.

ఆరో పని: లేఖను చేతికివ్వండి, తర్వాత మాట్లాడండి

ముందు మాటగా చెప్పకుండా లేఖను బల్ల మీద పెట్టి రావడం మన ఆఫీసుల్లో బాగుండదు. వ్యాన్లు వెళ్లాక, సాయంత్రం తీరిక వేళ చూసి, "సార్, ఒక చిన్న విన్నపం, కాగితం మీద రాసుకొచ్చాను, వీలు చూసుకుని చదవండి" అని ఇచ్చి రండి. శుక్రవారం ఉదయం ఇచ్చి ఆ మధ్యాహ్నమే వెళ్తాననకూడదు.

ఎక్కువగా ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది: "నీకిస్తే అందరూ అడుగుతారు." దీనికి మత వాదనతో జవాబు చెప్పకండి. "సార్, నేను పని గంటలు తగ్గించమని అడగలేదు, ముందుగా వచ్చి పూరిస్తున్నాను, అలా పూరించేవారు ఎవరైనా అడగవచ్చు కదా" అంటే సరిపోతుంది. మరో మాట, "ఇంటికెళ్లి అన్నీ కలిపి చదువుకోరాదా?" అనేది. ప్రతి నమాజుకూ దాని వేళ ఉందని, కావాలని దాటవేసి తర్వాత చదవడం మాకు సమ్మతం కాదని నెమ్మదిగా చెప్పండి, అంతటితో ఆపండి.

శుక్రవారం కుదరదని, మిగతాది సరేనని అంటే, వెంటనే ఒప్పుకోవడం గాని వాదించడం గాని చేయకుండా, కష్టం ఏ అరగంటలో వస్తుందో అడగండి. చాలాసార్లు అది 12:50 నుంచి 1:15 మధ్య కౌంటరు ఖాళీ అవుతుందన్న భయమే అయి ఉంటుంది. అప్పుడు ఇంకా ఆలస్యంగా జమాతు ఉన్న మసీదును చూసుకుని కొత్త వేళతో మళ్లీ రాయవచ్చు. అదీ కుదరకపోతే నెలకు నాలుగు శుక్రవారాలకు ఆ ఎక్కువ నిమిషాలను లెక్క కట్టి జీతంలో కోత పెట్టుకోవచ్చని చెప్పడం మిగిలిన మార్గం. నలభై నిమిషాల చొప్పున అది నెలకు రెండు గంటల నలభై నిమిషాలు, అంటే ఒక పనిదినంలో మూడో వంతు కూడా కాదు.

అనుమతి మాటగా వస్తే, ఆ సాయంత్రమే "సార్, మీరు చెప్పినట్టు శుక్రవారం 12:50 నుంచి 2:15 వరకు, రోజూ ఉదయం 9:50కి, శుక్రవారం 9:10కి హాజరు. ధన్యవాదాలు" అని వాట్సాప్‌లో పంపండి. ఆరు నెలల తర్వాత మేనేజరు మారినప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

రంజాన్‌కు ఈ లేఖ చాలదు. ఆ నెలలో భోజన విరామం మీకు అక్కరలేదు, సూర్యాస్తమయానికి ఇఫ్తార్ కావాలి, కాబట్టి వేళలన్నీ మారతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రంజాన్‌లో తమ ముస్లిం ఉద్యోగులను గంట ముందుగా ఇంటికి పంపుతూ ఉత్తర్వులు ఇస్తుంటాయి. కొందరు ఆ ఉత్తర్వు ప్రతిని ప్రైవేటు సంస్థలో దరఖాస్తుకు జత చేస్తారు. అది ప్రైవేటు సంస్థలకు వర్తించదు; ఆ సంగతి తెలిసిన మేనేజరు మొదట అదే ఎత్తి చూపుతారు. నెల మొదలవడానికి రెండు వారాల ముందు, భోజన విరామంలో జొహర్‌కు పదిహేను నిమిషాలు మాత్రం ఉంచుకుని, మిగతా అరగంటను సూర్యాస్తమయ వేళ ఇఫ్తార్‌కు వాడుకుంటానని విడిగా రాయండి. పండుగ సెలవు తేదీ పక్కన, చంద్రదర్శనాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చని అదే కాగితంలో చేర్చండి.